ప్రయాణిక కిలోమీటరు వ్యయం: ఒక బస్సు సర్వీసు లెక్క

కర్మాగారంలో తయారైన వస్తువుకు వ్యయం కట్టడం సులభం. వస్తువు కంటి ఎదుట ఉంటుంది. బస్సు సర్వీసు అమ్మేది వస్తువు కాదు, ప్రయాణం. పదిమందిని వంద కిలోమీటర్లు చేర్చినా, వందమందిని పది కిలోమీటర్లు చేర్చినా అది చేసిన సేవ పరిమాణంలో ఒక్కటే. అందుచేత నిర్వహణ వ్యయ గణనంలో ఒక మనిషిని ఒక కిలోమీటరు దూరం చేర్చడాన్ని ప్రమాణంగా గ్రహిస్తారు. దీనినే ప్రయాణిక కిలోమీటరు అంటారు.

ఉదాహరణకు ఒక యజమానికి 5 బస్సులున్నవని అనుకొందాము. ఒక్కొక్క బస్సులో 50 సీట్లు. రెండు ఊళ్ళ మధ్య దూరం 40 కిలోమీటర్లు. ప్రతి బస్సు రోజుకు మూడుసార్లు పోయి వస్తుంది. నెలలో 25 దినాలు నడుస్తుంది. సగటున సీట్లలో 80 శాతం నిండుతాయి.

ముందుగా దూరం కట్టవలెను. పోయి రావడానికి 80 కిలోమీటర్లు, మూడుసార్లకు 240, ఇరువది అయిదు దినాలకు 6,000, అయిదు బస్సులకు 30,000 కిలోమీటర్లు. నిండిన సీట్లు 40 గనుక ప్రయాణిక కిలోమీటర్లు 12,00,000.

విద్యార్థులు తరచుగా తప్పేది ఇక్కడనే. తిరుగు ప్రయాణాన్ని మరచిపోతే దూరం సగమవుతుంది. అమ్మిన టిక్కెట్ల సంఖ్యను పూర్తి దూరంతో గుణించడం మరొక పొరపాటు. నడుమ ఊళ్ళలో దిగినవారు 40 కిలోమీటర్లు ప్రయాణించలేదు గదా! అట్టి చోట ఒక్కొక్క టిక్కెట్టు దూరాన్ని విడిగా కూడవలెను. నిలుచుండి ప్రయాణించే వారు లేనప్పుడు వచ్చిన ఫలితం మొత్తం సీట్ల కిలోమీటర్లను, అనగా ఇక్కడ 15,00,000ను, మించిందంటే లెక్కలో తప్పున్నట్లే.

ఇక నెల వ్యయాన్ని రెండు భాగాలుగా విడదీయవలెను. బస్సు కదలినా కదలకపోయినా తప్పనివి స్థిర వ్యయాలు. కిలోమీటర్లతో పాటు పెరిగేవి చర వ్యయాలు.

స్థిర వ్యయాలు:
డ్రైవర్లు, కండక్టర్ల జీతాలు – రూ. 2,00,000
ఆఫీసు ఖర్చులు, షెడ్డు అద్దె – రూ. 75,000
బీమా, పన్ను – రూ. 50,000
తరుగుదల – రూ. 1,25,000
మొత్తం – రూ. 4,50,000

చర వ్యయాలు:
డీజిలు – రూ. 6,00,000
టైర్లు – రూ. 60,000
ఆయిలు, మరమ్మతులు – రూ. 90,000
మొత్తం – రూ. 7,50,000

తరుగుదల ఎట్లు వచ్చిందంటే, బస్సు ధర రూ. 32,00,000, పది సంవత్సరాల తరువాత తుక్కు విలువ రూ. 2,00,000. తేడాను 120 నెలలకు పంచితే బస్సుకు నెలకు రూ. 25,000. లీటరుకు 5 కిలోమీటర్ల చొప్పున డీజిలు 6,000 లీటర్లు, లీటరు రూ. 100 అనుకొన్నాము.

మొత్తం వ్యయం రూ. 12,00,000. దీనిని ప్రయాణిక కిలోమీటర్లతో భాగిస్తే ఒక్కొక్కదానికి ఒక రూపాయి. ఆదాయంలో 20 శాతం లాభం కావలెనంటే చార్జీ రూ. 1.20 కాదు. రూపాయి వ్యయం ఆదాయంలో 80 శాతం కావలెను గనుక చార్జీ రూ. 1.25.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాము. రాత్రి చివరి ట్రిప్పులో పోనూ రానూ సగటున 22 మందే ఉంటున్నారు, దానిని మానివేయవచ్చునా? బస్సు కిలోమీటరు నడవడానికి మొత్తం వ్యయం రూ. 40, అందులో స్థిర వ్యయం 15, చర వ్యయం 25. ఆ ట్రిప్పు 80 కిలోమీటర్లకు వ్యయం రూ. 3,200, వసూలు రూ. 2,200. వేయి రూపాయల నష్టమని యజమాని ట్రిప్పును ఆపివేస్తాడు. కాని ఆపినందువల్ల అతనికి మిగిలేది చర వ్యయం రూ. 2,000 మాత్రమే. జీతాలు, బీమా, తరుగుదల తగ్గవు. రూ. 2,200 వసూలు పోగొట్టుకొని రూ. 2,000 మిగుల్చుకొన్నాడు గనుక రోజుకు రూ. 200 నష్టపోయాడు, ఆ ఇరువదిరెండుమంది రాత్రి ఇంటికి చేరే దారీ పోయింది.

అయితే దీనికి హద్దులున్నాయి. ఆ ప్రయాణికులు ముందటి బస్సు ఎక్కేవారైతే వసూలు పోదు. అప్పుడు ట్రిప్పును మానడమే లాభం. సగటున 20 మందికన్న తగ్గితే డీజిలు, టైర్ల వంటి చర వ్యయాలకైనా వసూలు చాలదు. అన్ని ట్రిప్పులూ కలిపి సగటున 32 మంది లేకపోతే సర్వీసు మొత్తం నష్టంలో నడుస్తున్నదన్నమాట. ఒక ట్రిప్పును నిలుపుకోవడానికి చూడవలసిన సంఖ్య 20. సర్వీసును నిలుపుకోవడానికి చూడవలసిన సంఖ్య 32. ప్రయాణిక కిలోమీటరుకు రూపాయి అన్న ఒక్క సగటు ఈ రెండింటినీ చూపదు. వ్యయాలను విడదీసిననాడే అవి కనిపిస్తాయి.