నాలుగు నిమిషాల్లో పెద్దపేగుకు కబురు

విజయవాడ నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. పొద్దున్నే పరగడుపున ఫిల్టర్ కాఫీ తాగితే గ్లాసు కింద పెట్టేలోపే మరుగుదొడ్డికి పరుగెత్తాల్సి వస్తోందట. అదే డికాక్షన్, అవే పాలు, ఒకే గిన్నెలో కలిపిన కాఫీ తాగిన భర్త మాత్రం పేపరు తిరగేస్తూ హాయిగా కూర్చుంటారట. ఒక్కోరోజు తనకు కడుపులో తిప్పినట్టు ఉండి, పుల్లటి తేన్పులు కూడా వస్తాయట. "కాఫీ అంత తొందరగా కిందికి ఎలా దిగిపోతుందండీ?" అన్నది ఆమె ప్రశ్న.

దిగదు. నన్ను ఈ ఉత్తరం వదలకుండా పట్టుకున్నది అందుకే. తాగిన కాఫీ ముందు జీర్ణాశయంలో ఆగాలి, ఆపైన సుమారు ఆరు మీటర్ల చిన్నపేగు దాటాలి. పెద్దపేగు చేరేసరికి గంటలు పడుతుంది. ఆమె పరుగెత్తే సమయానికి కాఫీ ఇంకా కడుపులోనే ఉంది. బయటికి పోయేది నిన్న తిన్నది. కాఫీ కంటే ముందు కిందికి చేరినది ఒక కబురు.

ఆ కబురు దారి కొత్తదేమీ కాదు. కడుపులో తిండి పడగానే పెద్దపేగు కదిలి చోటు చేస్తుంది. లండన్‌లో ఆర్థర్ హెర్ట్జ్ అనే వైద్యుడు ఎక్స్‌రే తెర మీద పేగుల కదలికను చూసి, 1913లో ఈ సంగతి వివరించాడు. తర్వాత హర్స్ట్ అని పేరు మార్చుకున్నది ఈయనే. దీన్ని గ్యాస్ట్రోకోలిక్ ప్రతిచర్య అంటారు. రాత్రంతా దాదాపు కదలకుండా ఉండే పెద్దపేగు, మనం మేలుకోగానే తానూ మేలుకుంటుంది. అసలే కదలడానికి సిద్ధంగా ఉన్న ఆ వేళకు పై నుంచి కబురు అందుతుంది. మధ్యాహ్నం కాఫీ పెట్టించని పరుగు పొద్దుటి కాఫీ పెట్టించడానికి ఇదొక ముఖ్య కారణం.

కానీ కడుపులో ఏ తిండి పడినా ఇలా జరగాలి కదా, కాఫీకే ఈ పేరెందుకు? వేడి వల్ల అని కొందరు, కెఫీన్ వల్ల అని ఇంకొందరు తేల్చేస్తుంటారు. రెండింటినీ పరీక్షకు పెట్టినవారు ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ పరిశోధకులు. 1990లో వాళ్ల ఫలితాలు అచ్చయ్యాయి. ముందు 99 మంది యువతీయువకులను అడిగితే 29 శాతం మంది కాఫీ తాగితే విరేచనానికి వెళ్లాలనిపిస్తుందన్నారు. అలా చెప్పినవారిలో ఆడవాళ్లే ఎక్కువ. ఆ తర్వాత 14 మంది ఆరోగ్యవంతుల పెద్దపేగు చివరి భాగంలోకి సన్నని గొట్టం పంపి, అక్కడి కండరం ఎప్పుడు, ఎంత గట్టిగా బిగుస్తోందో కొలిచారు. పాలూ చక్కెరా లేని కాఫీ ఒకసారి, కెఫీన్ తీసేసిన కాఫీ ఒకసారి, వట్టి వేడినీళ్లు ఒకసారి ఇచ్చారు.

ఎనిమిది మందిలో కాఫీ తాగిన నాలుగు నిమిషాల్లోపే పేగు కదలిక పెరిగింది. మామూలు కాఫీ తాగితే ఆ ఊపు కనీసం అరగంట నిలిచింది. మిగతా ఆరుగురిలో ఏమీ జరగలేదు. మన పాఠకురాలు ఆ ఎనిమిది మంది జాతి, ఆమె భర్త ఈ ఆరుగురి జాతి. అతను గట్టివాడనో ఆమె కడుపు చెడిపోయిందనో దీనికి అర్థం కాదు, ఇద్దరూ ఆరోగ్యవంతులే. ఇక వేడినీళ్లకు ఆ ఎనిమిది మంది పేగులూ స్పందించలేదు, కాబట్టి వేడి వాదం పోయింది. కెఫీన్ తీసేసిన కాఫీకి స్పందించాయి, కాబట్టి అంతా కెఫీనే అన్న వాదమూ పోయింది.

అలాగని కెఫీన్‌ను పూర్తిగా పక్కన పెట్టలేం. అమెరికాలో సతీష్ రావు బృందం 12 మందిపై చేసి 1998లో ప్రచురించిన ప్రయోగంలో, మామూలు కాఫీ పెద్దపేగును నీళ్ల కంటే 60 శాతం, కెఫీన్ లేని కాఫీ కంటే 23 శాతం ఎక్కువగా కదిలించింది. వాళ్లే పెట్టిన వెయ్యి కేలరీల భోజనం కదిలించినంత గట్టిగా కదిలించింది! పాలు కూడా లేని కాఫీలో తిండి అన్నదే లేదు. అయినా పేగుకు అది విందు భోజనంలాగే అనిపించిందన్నమాట.

మరి కబురు మోసేదెవరు? కొంత నరాలు, కొంత హార్మోన్లు. హార్మోన్లలో ఎక్కువ అనుమానం గ్యాస్ట్రిన్ మీద. జీర్ణాశయం దిగువ గోడలోని కణాలు దీన్ని రక్తంలోకి వదులుతాయి. కాఫీ తాగితే ఇది పెరుగుతుంది, కెఫీన్ తీసేసిన కాఫీకి కూడా పెరుగుతుంది. గ్యాస్ట్రిన్ అసలు పని కడుపులో ఆమ్లం ఊరించడం, పేగుల కండరాలను కదిలించే గుణం దానికి తోడు. అంటే పాఠకురాలు వేర్వేరుగా చెప్పిన పరుగు, పుల్లటి తేన్పు రెండూ ఒకే కబురుకు రెండు కొసలు కావచ్చు. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే.

ఎసిడిటీ గురించి ఒక పొరపాటు మాట బాగా పాతుకుపోయింది, కాఫీయే ఆమ్లం కాబట్టి మంట అని. నల్ల కాఫీ పీహెచ్ 5 దరిదాపుల్లో ఉంటుంది, కడుపులో ఊరే రసానిది 2 కంటే తక్కువకు కూడా దిగుతుంది. పీహెచ్‌లో ఒక్కో అంకెకు పదిరెట్ల తేడా కాబట్టి, మన కడుపు రసమే కాఫీ కంటే వెయ్యి రెట్లు ఘాటు. కాఫీ ఆమ్లాన్ని పోయదు, ఊరిస్తుంది. తిండి ఉంటే ఆ ఆమ్లం దాని మీద పనిచేస్తుంది, లేకపోతే ఖాళీ రోట్లో రోకటి పోటే.

వియన్నా పరిశోధకులు 2017లో ఇంకో విచిత్రం చూపించారు. నాలుక మీద చేదును పట్టే గ్రాహకాలే కడుపులో ఆమ్లం ఊరించే కణాల మీదా ఉన్నాయట. కెఫీన్‌ను చేదు తెలియకుండా గుళికలో మింగిస్తే ఆమ్లం త్వరగా ఊరింది, నోట్లో పుక్కిలించి ఉమ్మేయిస్తే ఆలస్యమైంది. నోరు ఒకటి చెబితే కడుపు ఇంకొకటి చేస్తోంది!

వికారానికి ఇంత ముచ్చటైన కథ లేదు. ఊరిన ఆమ్లం, పరగడుపున త్వరగా రక్తంలో కలిసే కెఫీన్ రెండూ కలిసి తిప్పుతుండవచ్చు. చిక్కటి డికాక్షన్ అయితే మరీ.

పాలను మాత్రం అనుమానించకుండా వదలకూడదు, మన కాఫీలో సగానికి పైగా అవే. పెద్దయ్యాక పాలలోని లాక్టోజ్ సరిగా అరగనివాళ్లు మనలో చాలామంది. అయితే ఆ బాధ నాలుగు నిమిషాల్లో రాదు. అరగంట నుంచి రెండు గంటల తర్వాత కడుపు ఉబ్బరం, గ్యాస్, నీళ్ల విరేచనంగా వస్తుంది. అందుకే గడియారం చూడండి. గ్లాసు దించకముందే పరుగైతే అది కబురు, టిఫిన్ వేళకు ఉబ్బరమైతే పాలు. అనుమానం తీరాలంటే కొన్నాళ్లు పాలు లేకుండా అదే డికాక్షన్ తాగి చూడండి, ఆ తర్వాత కాఫీ లేకుండా అవే పాలు తాగి చూడండి.

ఇదంతా ఎందుకు పనికొస్తుందని అడిగేవారికి ఒకటే చెబుతాను. జర్మనీలో పెద్దపేగు శస్త్రచికిత్స అయినవారికి నీళ్ల బదులు కాఫీ ఇస్తే, మొదటి విరేచనం సగటున 74 గంటలకు బదులు 60 గంటలకే అయింది. 2012లో వచ్చిన ఫలితమిది.

పాఠకురాలికి నా జవాబు: మీ పేగు చెడిపోలేదు, కబురు బాగా వింటోంది. తేన్పులు, వికారం ఇబ్బంది పెడితే ముందు రెండు ఇడ్లీలు తిని తర్వాత కాఫీ తాగండి, డికాక్షన్ కాస్త పలచన చేయండి. అయితే నిద్రలోంచి లేపి మరీ విరేచనం రావడం, రక్తం పడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, మింగుడు పడకపోవడం కాఫీ పనులు కావు. వాటిలో ఏది కనిపించినా ఆ నెపం కాఫీ మీద వేసి ఊరుకోకుండా వైద్యులకు చూపించుకోండి.