బంటును మాయం చేసింది ఆప్ కాదు, రూలు

ఫోన్ల చెస్ ఆడే మన అయిజ తమ్ముళ్లు, చెల్లెండ్లు నన్ను అడిగేది ఒక్కటే: "అన్నా, నా బంటు గడిలకు ఎవ్వడూ రాలే, అయినా బంటు పోయింది. ఇది మోసం కాదా?"

మోసం కాదు. మనం అరుగుల మీద నేర్చుకున్న దేశీ ఆట వేరు, ఫోన్ల ఆట వేరు. దేశీ ఆటల బంటు మొదటిసారి గూడ ఒక్క గడే నడుస్తది. రాజు ఆట మొత్తంల ఒక్కసారి గుర్రం లెక్క దుంకుతడు. పంజాబ్‌ల పుట్టిన సుల్తాన్ ఖాన్ గూడ ముందుగాల దేశీ రూల్సే నేర్చిండు. తర్వాత ఈ రూల్స్ పట్టుకొని 1929ల బ్రిటిష్ ఛాంపియన్ అయిండు.

ముందు బంటు సంగతి. ఆట తొందరగ సాగాలని బంటుకు మొదటి అడుగుల రెండు గళ్లు పోయే వీలిచ్చిన్రు. దాంతోని ఒక చిక్కొచ్చింది. ఎదుటి బంటు కాపలా కాసే గడిని దాటేసి, దాని పక్కకు పోయి నిలబడొచ్చు. అట్ల తప్పించుకోకుండ పెట్టిందే ఆన్ పసాన్. అంటే ఫ్రెంచిల 'పోతుండంగ' అని.

బోర్డు మీద చేసి చూడున్రి. తెల్ల బంటు e4, నల్ల బంటు e6. తెల్ల బంటు e5కు పోయింది. ఇప్పుడు నల్లోడు d7 బంటును ఒక్కసారే d5కు జరిపిండు. అది d6ల ఆగితే e5 బంటు కొట్టేది కదా? అందుకే తెల్ల బంటు ఇప్పుడు గూడ ఏటవాలుగ d6కే పోతది, d5ల ఉన్న నల్ల బంటును తీసేస్తరు. మీ బంటు మాయమైంది ఇట్లనే. కానీ ఇది వెంటనే వచ్చే ఎత్తులనే కుదురుతది. మధ్యల ఇంకో ఎత్తు ఆడితే ఆ హక్కు పోయినట్టే. బంటును బంటే ఇట్ల కొట్టాలె, గుర్రానికి, ఏనుగుకు ఈ హక్కు లేదు.

ఇగ క్యాస్లింగ్. రాజు దుంకుడే యూరప్‌ల ఇట్ల మారింది. తెల్ల రాజు e1 నుంచి రెండు గళ్లు జరిగి g1కు వస్తడు, h1ల ఉన్న ఏనుగు ఆయనను దాటి f1ల కూసుంటది. రాజు మూలకు చేరతడు, ఏనుగు నడుమకొస్తది. మంత్రి దిక్కు చేస్తే రాజు c1కు, ఏనుగు d1కు.

రాజు, ఆ ఏనుగు అప్పటిదాక కదిలి ఉండొద్దు. నడుమ గళ్లు ఖాళీ ఉండాలె. రాజుకు చెక్ ఉండంగ చేయరాదు. ఆయన దాటే గడి మీద, చేరే గడి మీద శత్రువు చూపు ఉండొద్దు. చాలామంది ఆగేది ఈడనే. నల్ల ఒంటె a6ల కూసోని, దారి ఖాళీ ఉంటే f1 దాక దాని చూపే. రాజుకు చెక్ లేకున్నా g1కు పోలేడు, f1 దాటాలె కాబట్టి. ఏనుగు మీద దాడి ఉంటే మాత్రం అడ్డం లేదు.

ఫోన్ల తప్పు ఎత్తు పడనే పడదు. టోర్నమెంటుల మాత్రం రాజునే ముందు పట్టాలె. ముందు ఏనుగును ముట్టుకుంటే ఆ దిక్కు క్యాస్లింగ్ చేయనియ్యరు, ఏనుగునే జరపమంటరు.