ఆవకాయకు ఆరు అంకెలు

‘ఆవకాయ అరకిలో రెండు, అందులో ఒకటి వెల్లుల్లి లేనిది, జంతికలు పావుకిలో.’ ఇంట్లో పచ్చళ్ళు పెట్టి అమ్మేవారికి ఫోన్‌లో వచ్చే ఆర్డర్లు ఇలా ఉంటాయి. రాసుకున్నవారికి అర్థమవుతుంది. సీసాలు సర్దే అమ్మాయికి కాకపోవచ్చు. జంతికలనే మురుకులనేవారు ఉన్నారు. ఇంగ్లిష్ అక్షరాల్లో ఆవకాయను నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు. వెల్లుల్లి ముట్టని ఇంటికి వెల్లుల్లి సీసా వెళ్ళిందంటే ఆ ఇల్లు మళ్ళీ ఆర్డరివ్వదు. ఈ గందరగోళం తీర్చేది కోడ్. బార్‌కోడ్ అంటే ఆ కోడ్‌నే యంత్రం చదివేలా గీసిన గీతలు. అందుకే ముందు కోడ్ కుదరాలి, గీతల సంగతి ఆ తరవాత.

చాలామంది AVK-G-500 లాంటి కోడ్‌తో మొదలుపెడతారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. తీరా అల్లం పచ్చడి, అరిసెలు కూడా A తోనే వస్తాయి. O అక్షరమా సున్నానా అన్న అనుమానం ఎటూ తప్పదు. ఎక్సెల్ చేసే అల్లరి వేరే ఉంది. 1-2-25 అని కొడితే దాన్ని తారీఖుగా మార్చేస్తుంది. 10E12 అంటే పెద్ద సంఖ్య అనుకుంటుంది. 0112 అని రాస్తే ముందున్న సున్నాను మింగేస్తుంది. కాబట్టి నా ఓటు ఒట్టి అంకెలకే. అదీ సున్నాతో మొదలవనివి, అన్నీ ఒకే పొడవున్నవి.

ఒక పద్ధతి చూద్దాం. మొదటి అంకె తరగతి: పచ్చళ్ళు 1, కారప్పూస, చెక్కలు వంటివి 2, సున్నుండలు, అరిసెల వంటి తీపివి 3, పొడులు 4. తరవాతి రెండంకెలు ఆ తరగతిలో సరుకు వరస సంఖ్య: ఆవకాయ 01, మాగాయ 02, గోంగూర 03. నాలుగో అంకె రకం: వెల్లుల్లి వేసింది 1, వేయనిది 2. ఐదోది పరిమాణం: పావుకిలో 1, అరకిలో 2, కిలో 3. అంటే వెల్లుల్లి వేసిన అరకిలో ఆవకాయ 10112.

ఆరో అంకె కాపలాకి. ఫోన్‌లో చెప్పేటప్పుడో చేత్తో కొట్టేటప్పుడో ఒక అంకె తప్పితే అది పట్టిస్తుంది. 1, 3, 5 స్థానాల్లోని అంకెలను కూడి మూడుతో హెచ్చించాలి: 1+1+2 నాలుగు, మూడు నాలుగులు పన్నెండు. మిగతా రెండు అంకెలు, 0, 1, దానికి కలిపితే పదమూడు. పై పదికి, అంటే ఇరవైకి, ఇంకా ఏడు కావాలి. ఆ ఏడే ఆరో అంకె. కోడ్ 101127. ఐదంకెలను ఎక్సెల్‌లో A2 గడిలో రాస్తే ఈ సూత్రం ఆరో అంకెను తనే చేరుస్తుంది:

```
=A2&MOD(10-MOD(3*(MID(A2,1,1)+MID(A2,3,1)+MID(A2,5,1))+MID(A2,2,1)+MID(A2,4,1),10),10)
```

అరకిలో బదులు కిలో అంకె పడి 101137 అయిందనుకోండి. 10113కి రావాల్సిన కాపలా అంకె 4, ఇక్కడున్నది 7. తప్పు దొరికిపోయింది. ఏ ఒక్క అంకె మారినా ఈ లెక్క పట్టేస్తుంది. పక్కపక్క అంకెలు తారుమారైనా దాదాపు ఎప్పుడూ పడుతుంది. ఆ రెంటికీ తేడా సరిగ్గా అయిదైతే మాత్రం తప్పించుకుంటుంది.

ఈ కోడ్‌లో ధర లేదు, పెట్టకూడదు కూడా. నూనె ధర పెరిగితే సీసా ధర మారుతుంది, కోడ్ మారకూడదు. తయారీ తేదీనీ ఇందులో ఇరికించవద్దు. ఏ విడతలో పెట్టిన పచ్చడన్నది బ్యాచ్ నంబరు చెప్పాలి. అది లేబుల్ మీద తయారీ తేదీ పక్కన విడిగా ఉండాలి. ఒక జాడీకి బూజు పట్టిందని తెలిస్తే వెనక్కి తెప్పించాల్సింది ఆ బ్యాచ్ సీసాలనే, ఆవకాయ మొత్తాన్ని కాదు. ఇక మానేసిన సరుకు కోడ్‌ను ఇంకోదానికి ఇవ్వకండి. అరకిలో సీసాను 450 గ్రాములు చేస్తే దానికి కొత్త కోడే.

ఇప్పుడు గీతలు. సొంత లెక్కలకు కోడ్ 128 అనే రకం చాలు. ఇది రెండేసి అంకెలను ఒక్క గుర్తులో సర్దుతుంది కనుక అంకెల కోడ్ పొట్టిగా వస్తుంది. అతి సన్నని గీత పావు మిల్లీమీటరు అనుకుంటే, రెండు పక్కలా వదలాల్సిన తెల్ల జాగాతో కలిపి 101127కి 22 మిల్లీమీటర్లు చాలు. అదే AVK-G-500 అయితే 38 దాటుతుంది, చిన్న సీసా మీద పట్టదు. ఆ తెల్ల జాగా అందం కోసం కాదు. అక్కడ బొమ్మో అక్షరమో పెడితే గీతలు ఎక్కడ మొదలయ్యాయో స్కానర్‌కు తెలియదు.

బార్‌కోడ్ ఫాంట్ దించుకుని అంకెలు టైపు చేసి పని అయిందనుకునేవారున్నారు. గీతలు వస్తాయి, స్కానర్ మాత్రం చదవదు. మొదలు, చివర గుర్తులూ, కోడ్ 128 తనకోసం పెట్టుకునే లోపలి సరిచూపు గుర్తూ అందులో లేవు మరి. లేబుల్ ప్రింటర్‌తో వచ్చే సాఫ్ట్‌వేర్ వాటిని తనే చేరుస్తుంది. గీతల బొమ్మను వర్డ్‌లో పెట్టి మూల పట్టి సాగదీయడం ఇంకో పొరపాటు. మామూలు లేబుల్ ప్రింటర్ మిల్లీమీటరుకు ఎనిమిది చుక్కలు వేస్తుంది, పావు మిల్లీమీటరంటే సరిగ్గా రెండు చుక్కలు. సాగదీస్తే కొన్ని గీతలకు రెండు, కొన్నింటికి మూడు పడి లావులు చెడతాయి.

పచ్చడి సీసాకు ప్రత్యేకమైన తంటాలు మూడున్నాయి. సీసా గుండ్రం. గీతలు నిలువుగా ఉంటే చివరివి వంపు వెనక్కి పోతాయి. అందుకని బార్‌కోడ్‌ను తిప్పి, గీతలు నిచ్చెన మెట్లలా ఒకదానిపై ఒకటి వచ్చేలా అంటించాలి. రెండోది నూనె. వేడితో నల్లబడే చవక థర్మల్ కాగితం మీద నూనె తగిలితే అచ్చు వెలిసిపోతుంది. జంతికల ప్యాకెట్లకు అది చాలు, పచ్చళ్ళకు మాత్రం రిబ్బన్‌తో అచ్చయ్యే ప్లాస్టిక్ స్టిక్కర్ కావాలి. సీసాను పొడిగుడ్డతో తుడిచాకే అంటించాలి. మూడోది రంగు. పారదర్శక స్టిక్కర్ మీద నల్ల గీతలు వేస్తే వెనక పచ్చడి ముదురు రంగులో అవి కలిసిపోతాయి. ఎర్ర గీతలైతే ఎర్ర కాంతితో చూసే స్కానర్‌కు తెల్లగానే కనిపిస్తాయి. తెల్ల నేల మీద నల్ల గీతలే వేయండి. కింద అంకెలు, పైన తెలుగులో సరుకు పేరు తప్పకుండా ఉండాలి.

స్కానర్ కంప్యూటర్‌కు ఇంకో కీబోర్డు లాంటిది. ఖాళీ నోట్‌ప్యాడ్ తెరిచి సీసా మీద నొక్కితే 101127 అని పడాలి. ఫోన్ కెమెరా చదివింది కదా అని సరిపెట్టుకోకండి, ఫోన్ చదివిన నాసిరకం అచ్చును అంగడి స్కానర్ వదిలేయవచ్చు.

ఈ ఆరంకెలు మన ఇంటి వరకే. సూపర్‌మార్కెట్ అడిగేది పదమూడంకెల ఈఏఎన్ సంఖ్య. దాన్ని జీఎస్1 ఇండియా దగ్గర నమోదు చేసుకుని తీసుకోవాలి, అక్కడి సంఖ్యలు 890తో మొదలవుతాయి. సొంతంగా పదమూడంకెలు అల్లితే అది ఇంకెవరి సబ్బుదో అయి ఉండవచ్చు. ఇంటర్నెట్‌లో చవగ్గా అమ్మేవాటికీ ఇదే చిక్కు: నమోదు మరొకరి పేరుమీద ఉంటుంది.

పది పన్నెండు రకాలే అమ్ముతూ ప్రతి సీసా మీ చేతి మీదుగానే వెళ్తుంటే ప్రింటరూ స్కానరూ ఇప్పుడే కొనకండి. కోడ్ల పట్టిక రాసి గోడకు అంటించి, సీసా మీద పెన్నుతో కోడ్ వేయండి. సర్దేవాళ్ళు ఇద్దరు ముగ్గురయ్యాక గీతలు కొనుక్కోవచ్చు. అప్పటికి కోడ్లలో ఒక్కటీ మార్చాల్సిన పని ఉండదు.