తమ్ముణ్ణి స్టేషన్‌కు తీసుకెళ్లారు: ఇక్కడి నుంచి రోజుల లెక్క

పొలం గట్టు దగ్గర మాటామాటా పెరిగింది. మీ తమ్ముడు చేతిలోని పార కామతో పక్క చేను ఆయన్ను కొట్టాడు. దెబ్బ తిన్న మనిషి ఏరియా ఆసుపత్రిలో చేరాడు. శనివారం, జూన్ 7న సాయంత్రం జీపు వచ్చి తమ్ముణ్ణి ఎక్కించుకెళ్లింది. స్టేషన్ దగ్గరికి వెళ్తే, ‘కేసు కట్టాం, రేపు రిమాండ్ చేస్తాం, లాయర్ని చూసుకోండి’ అన్నారు. ఇది ఊహించి చెప్తున్న కేసే అయినా, మన పల్లెల్లో ఇలాంటివి కొత్త కాదు.

‘కేసు కట్టాం’ అంటే ఎఫ్‌ఐఆర్ నమోదు చేశామని. నేరం జరిగిందని పోలీసులకు మొదట అందిన సమాచారాన్ని రాసుకున్న కాగితం అది. అందులో ఉన్నది ఫిర్యాదు చేసినాయన చెప్పిన మాట మాత్రమే, రుజువైన విషయం కాదు. ఫిర్యాదుదారుకు దాని నకలు ఉచితంగా ఇవ్వాలి. నిందితుడి తరఫు వాళ్లూ పొందవచ్చు. సున్నితమైన కేసులు మినహా ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. కాగితం చేతికి రాగానే కథంతా చదువుతూ కూర్చోకండి. ముందు క్రైమ్ నంబరు, తేదీ, సెక్షన్లు రాసుకోండి. లాయరు అడిగే మొదటి ప్రశ్న సెక్షన్ల గురించే.

2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది కాబట్టి పాత నంబర్లు మారాయి. చేత్తో కొడితే 115(2), ఆయుధం లాంటి దానితో కొట్టి గాయపరిస్తే 118(1), చంపే ఉద్దేశంతో కొట్టాడంటే 109. పక్కన ‘రెడ్ విత్ 3(5)’ అని ఉంటే అందరూ ఒకే ఉద్దేశంతో చేశారన్న ఆరోపణ. గట్టు మీద ఊరికే నిలబడ్డ మేనమామ ఎ2గా, ఇంట్లో ఉన్న నాన్న ఎ3గా కనిపించేది దీనివల్లే.

బెయిలబులా, నాన్‌బెయిలబులా అన్నదీ సెక్షన్‌ను బట్టే. శిక్ష తక్కువైతే బెయిల్ తేలిక అనుకుంటాం గానీ ప్రతిసారీ అలా ఉండదు. చేత్తో కొట్టి పన్ను విరగ్గొడితే 117(2) కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉన్నా అది బెయిలబుల్. పార కామతో చిన్న గాయం చేస్తే 118(1) కింద మూడేళ్లే, అయినా నాన్‌బెయిలబుల్. బెయిలబుల్ అయితే బెయిల్ హక్కు. పూచీకత్తు ఇస్తే స్టేషన్‌లోనే వదలాలి, జనం స్టేషన్ బెయిల్ అనేది దీన్నే. నాన్‌బెయిలబుల్ అంటే బెయిలే రాదని కాదు. ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు తేలుస్తుందని మాత్రమే అర్థం.

మొదట రాసిన సెక్షన్ అలాగే ఉండిపోతుందనీ లేదు. ఆసుపత్రి నుంచి ఊండ్ సర్టిఫికెట్ వస్తుంది. ఎముక విరిగిందని డాక్టరు రాస్తే, పోలీసులు కోర్టుకు మెమో పెట్టి సెక్షన్ మారుస్తారు. అందుకే అవతలి మనిషికి దెబ్బ ఎంత తగిలిందో తెలుసుకోవడం మీకూ అవసరమే. తెలుసుకోండి గానీ, రాజీ పేరుతో ఆసుపత్రికి వెళ్లి ఆయనతో వాదన పెట్టుకోకండి. సాక్షిని బెదిరించారన్న మాట ఒక్కటి చాలు, బెయిల్ పిటిషన్ దెబ్బ తినడానికి.

118(1) ఒక్కటే ఉంటే అసలు అరెస్టు తప్పనిసరి కాదు. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో, అరెస్టు ఎందుకు అవసరమో పోలీసులు కారణం రాయాలి. అవసరం లేదనుకుంటే హాజరు కమ్మని నోటీసు ఇస్తారు. కొత్త చట్టంలో అది 35(3) అయినా, స్టేషన్లలోనూ కోర్టుల్లోనూ ఇంకా ‘41ఎ నోటీసు’ అనే అంటున్నారు. నోటీసు అందాక పిలిచినప్పుడు వెళ్లకపోతే మాత్రం చేజేతులా అరెస్టు తెచ్చుకున్నట్టే.

మన కేసులో 109 కూడా పెట్టారు, అరెస్టు చేశారు అనుకుందాం. అరెస్టు కారణాలు తమ్ముడికి చెప్పాలి, ఇంట్లోవాళ్లకు కబురు చేయాలి, డాక్టరు పరీక్ష చేయించాలి, ప్రయాణ సమయం తీసేసి 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందుకు తేవాలి. ఆదివారమని ఈ గడువు ఆగదు. సెలవు రోజైతే మేజిస్ట్రేటు ఇంటికే తీసుకెళ్తారు.

తకరారంతా గడియారం ఎప్పుడు మొదలైందన్న దగ్గరే. శనివారం పట్టుకెళ్లి సోమవారం ‘అరెస్టు చూపడం’ అందరికీ తెలిసిన సంగతే. తీసుకెళ్లిన సమయం, జీపు నంబరు, చూసినవాళ్ల పేర్లు అప్పటికప్పుడే రాసి పెట్టుకోండి. మరుసటి సాయంత్రానికీ కోర్టుకు తేకపోతే ఆ వివరాలతో ఎస్పీకి మెయిల్ పెట్టండి. తర్వాత కోర్టులో పనికొచ్చేది పెట్టిన టైముతో సహా ఉన్న ఆ మెయిలే.

ఆదివారం, జూన్ 8న మేజిస్ట్రేటు ముందు పెట్టారు. పోలీసులిచ్చిన రిమాండ్ రిపోర్టు చదివి, ‘కొట్టారా? లాయరు ఉన్నాడా?’ అని ఆయన తమ్ముణ్ణి అడుగుతారు. దెబ్బలుంటే చెప్పాల్సింది అక్కడే. లాయరు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయ పరిమితి లేదు, 15100కు ఫోన్ చేయవచ్చు. కారణాలు సరిపోలేదనిపిస్తే మేజిస్ట్రేటు రిమాండ్ తిరస్కరించవచ్చు కూడా. పంపితే సాధారణంగా 14 రోజులు, అంటే జూన్ 22 వరకు.

రిమాండ్ శిక్ష కాదు. దర్యాప్తు సాగుతుండగా మనిషిని జైల్లో ఉంచడం, దాన్నే జ్యుడీషియల్ కస్టడీ అంటారు. ప్రశ్నించడానికి మళ్లీ పోలీసులకు అప్పగిస్తే అది పోలీసు కస్టడీ. దానికి కోర్టులో వేరే పిటిషన్ వేయాలి, అన్నీ కలిపి 15 రోజులు మించకూడదు. 14 రోజులు అయిపోగానే ఇంటికి పంపేస్తారనుకుని ఎదురుచూసే తల్లులు ఉంటారు. రిమాండ్‌ను పొడిగించవచ్చు. అందుకే బెయిల్ పిటిషన్ వెంటనే వేయించాలి. 109లో యావజ్జీవం దాకా శిక్ష ఉండటంతో ఇలాంటి కేసులో సాధారణంగా సెషన్స్ కోర్టుకు వెళ్లాల్సి వస్తుంది.

బెయిల్ వచ్చిందన్న ఫోన్ రాగానే తమ్ముడు ఇంటికొస్తాడని అనుకోకండి. ‘పది వేల చొప్పున ఇద్దరు జామీనుదార్లు’ అని ఉత్తర్వులో ఉంటే, ఇరవై వేలు కట్టమని కాదు. నిందితుడు వాయిదాలకు రాకపోతే అంత సొమ్ముకు మేం పూచీ అని ఇద్దరు సంతకం పెట్టాలి. వాళ్ల ఆధార్, ఇంటి పన్ను రసీదు లేదా జీతం సర్టిఫికెట్ లాంటివి కోర్టు చూస్తుంది. ఆ కాగితాలు ముందే సిద్ధం చేసుకోకపోతే ఉత్తర్వు వచ్చాకా రోజులు గడుస్తాయి. కోర్టు బయట అద్దె జామీనుదార్లు దొరుకుతారని ఎవరైనా అంటే నమ్మకండి. దొంగ పూచీ బయటపడితే ఇంకో కేసు మెడకు చుట్టుకుంటుంది. జామీనుదార్లు దొరకక వారం దాటినా జైల్లోనే ఉంటే, జైలు అధికారులు ఆ సంగతి న్యాయసేవాధికార సంస్థకు తెలపాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

సెషన్స్ కోర్టు బెయిల్ నిరాకరిస్తే హైకోర్టు ఉంది. అదీ కాకపోతే క్యాలెండర్ చూసుకోవాలి. పదేళ్లు, ఆపైన శిక్ష పడే కేసుల్లో 90 రోజులు, మిగతా వాటిలో 60 రోజుల్లో పోలీసులు చార్జిషీట్ వేయకపోతే బెయిల్ హక్కవుతుంది. లాయర్లు డిఫాల్ట్ బెయిల్ అనేది ఇదే. రిమాండ్ రోజునూ కలిపి లెక్కేస్తారు. జూన్ 8 మొదటి రోజు, 109 ఉంది కాబట్టి 90వ రోజు సెప్టెంబరు 5. ఆ రోజుకూ చార్జిషీట్ రాకపోతే మరునాడు ఉదయమే పిటిషన్ పడాలి. ఇది అడక్కుండా వచ్చే బెయిల్ కాదు. మీరు మధ్యాహ్నం వేద్దామనుకునేలోగా పోలీసులు పదకొండింటికి చార్జిషీట్ వేసేస్తే ఆ హక్కు పోయినట్టే.