గ్రైండింగ్ మెషిన్‌కి వారంలో ఎన్ని గంటలు?

హైదరాబాద్ బాలానగర్, జీడిమెట్ల చుట్టుపక్కల పంపులకూ యంత్రాలకూ విడిభాగాలు చేసే మెషిన్ షాపులు చాలా ఉన్నాయి. వాటిలో చాలాచోట్ల నెలాఖరు వారం ఒకేలా ఉంటుంది. సేల్స్ వాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటారు. ప్రతి పెట్టె మీదా ‘అర్జెంట్’ చీటీ అంటించి ఉంటుంది. అన్నీ అర్జెంటే కాబట్టి దేన్ని ముందు ఎక్కించాలో ఆపరేటర్‌కి తెలియదు. ఈ గొడవ నెలాఖరున పుట్టింది కాదు. రెండు వారాల ముందే, ఆర్డర్ ఒప్పుకుని తేదీ చెప్పిన రోజునే పుట్టింది. తేదీ చెప్పినవాళ్లు పుచ్చుకున్న ఆర్డర్లను లెక్కపెట్టారు గానీ, ఆ పని చేయాల్సిన మెషిన్‌కి ఉన్న గంటలను లెక్కపెట్టలేదు.

ఏ వస్తువు, ఏ వారం, ఎన్ని తయారు చేయాలో రాసుకునే పట్టికను మాస్టర్ ప్రొడక్షన్ షెడ్యూల్ అంటారు. ఫ్యాక్టరీ బయటివాళ్లకు ఇచ్చిన మాటలన్నీ అందులో ఉంటాయి. దాన్ని బట్టే ఇనుప కడ్డీలు ఎప్పుడు కొనాలో, ఏ భాగం ఎప్పుడు మొదలుపెట్టాలో కంప్యూటర్ లెక్క వేస్తుంది. ఐబీఎంలో పనిచేసిన జోసెఫ్ ఆర్లికీ 1975లో రాసిన పుస్తకంతో ఈ లెక్కల పద్ధతి ప్రపంచమంతా పాకింది. సరుకు లెక్కలో అది చాలా గట్టిది. కానీ మెషిన్ సంగతికి వచ్చేసరికి, ఎంత పని ఇచ్చినా పడుతుందనుకునే ముందుకు పోతుంది. వారానికి వంద గంటల పని పడినా, రెండు వందల గంటలు పడినా అదే తేదీ చూపిస్తుంది.

ఒక షాపును ఊహించుకుని లెక్క చూద్దాం. ఇక్కడ మూడు రకాల వస్తువులు చేస్తారు: పంపు షాఫ్ట్, చిన్న షాఫ్ట్, స్పిండిల్. మూడూ లేత్ మీద తయారై, బయట హీట్ ట్రీట్‌మెంట్‌కి వెళ్లి, మూడు నాలుగు రోజులకు తిరిగొచ్చి, చివరికి ఒకే ఒక్క సిలిండ్రికల్ గ్రైండింగ్ మెషిన్ మీదకు రావాలి. లేత్‌లు నాలుగు ఉన్నాయి, వాటికి తీరిక ఉంటుంది. గ్రైండర్ ఒక్కటే. షాపు వేగం అంటే ఆ గ్రైండర్ వేగమే.

దానికి వారంలో ఎన్ని గంటలు? రెండు షిఫ్టులు, ఎనిమిదేసి గంటలు, ఆరు రోజులు. కాగితం మీద 96. షిఫ్టుకి అరగంట భోజనం, టీ తీసేస్తే 90. వీల్ డ్రెస్సింగ్, చిన్నాచితకా రిపేర్లు, కరెంటు పోవడం, ఆపరేటర్ రాకపోవడం, ఇన్‌స్పెక్షన్ కోసం ఆగడం, మళ్లీ చేయాల్సిన ముక్కలు, ఇవన్నీ పోగా గత కొన్ని నెలల లాగ్‌బుక్ సగటున 76 గంటలు చూపిస్తోందనుకుందాం. ప్లాన్‌లో రాసుకోవాల్సిన సంఖ్య 76. చాలా షాపులు ఇక్కడే 96 వేసుకుంటాయి. ఆ తరువాత ఎంత మంచి సాఫ్ట్‌వేర్ కొన్నా వచ్చే తేదీలు నిలబడవు.

పంపు షాఫ్ట్‌కి గ్రైండర్ మీద 12 నిమిషాలు, చిన్న షాఫ్ట్‌కి 6, స్పిండిల్‌కి 20 పడుతుంది. ఒక రకం నుంచి ఇంకో రకానికి మారిన ప్రతిసారీ సెట్టింగ్‌కి రెండు గంటలు. ఈ లెక్కన వచ్చే నెల ఆర్డర్లను గంటల్లోకి మార్చితే మొదటి వారం 54 గంటలు, రెండో వారం 86, మూడో వారం 106, నాలుగో వారం 54 వచ్చాయి. మొత్తం 300. నాలుగు వారాల సామర్థ్యం 304. నెల లెక్క చూసిన యజమానికి అంతా సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ మూడో వారంలో 30 గంటలు, రెండో వారంలో 10 గంటలు ఎక్కువ పడ్డాయి. మొదటి వారంలో 22 గంటలు ఖాళీ పోతాయి, పోయిన గంటలు మళ్లీ రావు.

ఇలా ముఖ్యమైన మెషిన్ ఒక్కదానికి గంటలు వేసి చూడటం ప్లానర్ మొదటి పని. దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఒక ఎక్సెల్ షీట్ చాలు. అసలు పని ఆ తరువాత ఉంది. లోడ్‌ను సమం చేయాలి.

నెల మొదలవడానికి రెండు వారాల ముందే ఈ లెక్క వేశాం కాబట్టి, కడ్డీలు తెప్పించుకుని కొంత పనిని ముందుకు లాక్కునే వీలుంది. మొదటి వారంలో చిన్న షాఫ్ట్‌లు ఎలాగూ నడుస్తాయి. రెండో వారంలో కావాల్సిన 300లో 200 అప్పుడే చేసేస్తే 20 గంటలు కదులుతాయి. మెషిన్ అదే సెట్టింగ్‌లో ఉంది కాబట్టి అదనపు సెట్టింగ్ ఖర్చు లేదు. మొదటి వారం 74 అయింది, రెండోది 66కి దిగింది. ఆ రెండో వారంలోకి మూడో వారపు పంపు షాఫ్ట్‌లు 50 తెచ్చుకుంటే మరో 10 గంటలు కదిలి, రెండో వారం సరిగ్గా 76కి వచ్చింది. వారం ముందే చేసిన సరుకు వారం పాటు స్టోర్‌లో ఉంటుంది. అంత డబ్బు ఇరుక్కుంటుంది, నిజమే. ఆలస్యానికి చెల్లించే ధరతో పోలిస్తే అది తక్కువ.

మూడో వారం ఇంకా 96 దగ్గరే ఉంది. 20 గంటలు తగ్గాలి. వెనక నుంచి లాక్కోవడానికి ఖాళీ అయిపోయింది, ఇక కొంత పని నాలుగో వారానికి జరగాలి. ఎవరిది జరపాలన్నది లెక్క చెప్పదు. ఇక్కడ ప్లానర్ ఆర్డర్లను విడదీసి చూస్తాడు. మూడో వారపు చిన్న షాఫ్ట్‌లు 300లో 200కే కస్టమర్ ఆర్డర్ ఉంది. మిగతా 100 స్టాక్ నింపుకోవడానికి అంచనా మీద వేసినవి. అవి వారం జరిగితే ఎవరికీ నష్టం లేదు, 10 గంటలు తగ్గాయి. ఇంకో 10 కోసం సేల్స్ దగ్గరికి వెళ్లాల్సిందే.

“అన్నా, స్పిండిల్స్ 60 మూడో వారంలోనే అన్నీ కావాలా వాళ్లకి?”

“పీఓలో 60 అనే ఉంది.”

“పీఓ సంగతి సరే. వాళ్ల అసెంబ్లీలో వారానికి ఎన్ని ఎక్కుతాయో ఒకసారి అడుగు. 30 ఇచ్చి మిగతా 30 ఆ పై వారం ఇస్తే నడుస్తుందేమో.”

చాలాసార్లు నడుస్తుంది. కస్టమర్ కూడా 60 ఒకేసారి బిగించలేడు. రెండు వారాల ముందు అడిగితే అది మామూలు సర్దుబాటు, శనివారం సాయంత్రం లారీ రాకపోయాక చెబితే అది మాట తప్పడం. ఆ 30 స్పిండిల్స్ జరిగాక మూడో వారం 76 అయింది. నాలుగో వారంలో వాటికి కొత్తగా ఒక సెట్టింగ్ పడింది కాబట్టి అది కూడా 76. సమం చేయడానికి రెండు గంటలు ఎక్కువ ఖర్చయ్యాయి, నెల మొత్తం 302.

ఇప్పుడు వారం లోపలి సంగతి. ఫైనైట్ కెపాసిటీ షెడ్యూలింగ్ అంటే ఇదే: మెషిన్ టైమ్‌లో ఒక పని కూర్చున్న చోట ఇంకో పనిని కూర్చోనివ్వకుండా, గంటగంటకూ వరుస వేయడం. మూడో వారంలో 200 పంపు షాఫ్ట్‌లు, 200 చిన్న షాఫ్ట్‌లు, 30 స్పిండిల్స్ ఉన్నాయి. పంపు షాఫ్ట్‌లు సగం బుధవారానికి, సగం శనివారానికి కావాలి. స్పిండిల్స్ గురువారం లారీకి ఎక్కాలి, అవి హీట్ ట్రీట్‌మెంట్ నుంచి మంగళవారం గానీ రావు. చిన్న షాఫ్ట్‌లకు శనివారం రాత్రి దాకా టైముంది. పాత పద్ధతిలో మూడు జాబ్ కార్డులూ సోమవారం పొద్దున్నే షాపులోకి వచ్చిపడతాయి.

రోజుకి దాదాపు పన్నెండున్నర గంటల పని అనుకుని వరుస వేద్దాం. పోయిన వారం గ్రైండర్ పంపు షాఫ్ట్‌ల సెట్టింగ్‌లో ఆగింది కాబట్టి సోమవారం అదే కొనసాగించాలి, ఒక సెట్టింగ్ మిగిలింది. అలాగే 200 పూర్తి చేద్దామంటే గురువారం వచ్చేస్తుంది, స్పిండిల్స్ లారీ తప్పిపోతాయి. అందుకని 100 దగ్గర ఆపాలి, అది మంగళవారం మధ్యాహ్నం దాటాక. అప్పుడు స్పిండిల్స్‌కి మార్చితే బుధవారం మధ్యాహ్నానికి పూర్తవుతాయి. మళ్లీ పంపు షాఫ్ట్‌లు, శుక్రవారం పొద్దుటికి అయిపోతాయి. అక్కడి నుంచి శనివారం రాత్రి దాకా చిన్న షాఫ్ట్‌లు. మిగిలిన సెట్టింగ్ మధ్యలో మళ్లీ ఖర్చయింది, మొత్తం 76 గంటలే. సెట్టింగ్‌లు తగ్గించాలనే పట్టుదలా, తేదీ ముందున్నదే ముందు చేయాలనే నియమమూ రెండూ విడివిడిగా ఇక్కడ సరిపోవు.

లేత్‌లకు ఇంత వివరంగా వరుస వేయనక్కర్లేదు. అవి గ్రైండర్ వేళకు సరుకు అందిస్తే చాలు. 1984లో వచ్చిన ‘ది గోల్’ పుస్తకంలో ఎలియాహు గోల్డ్‌రాట్ గట్టిగా చెప్పింది ఇదే. ఇరుకైన మెషిన్ మీద పోయిన గంట ఫ్యాక్టరీ మొత్తానికి పోయిన గంట. తీరికున్న మెషిన్‌ని ఊరికే నడిపితే మధ్యలో సరుకు పేరుకోవడం తప్ప లాభం లేదు.

నాకు ఈ ప్లాన్‌లో భయం వేసేది ఒక్కటే. నాలుగు వారాల్లో మిగులు రెండు గంటలు. 76 సగటు మాత్రమే, కొన్ని వారాలు 80 వస్తాయి, కొన్ని వారాలు 70 దగ్గరే ఆగిపోతాయి. సగటు దాకా నింపిన ప్లాన్ చాలా వారాల్లో తప్పుతుంది. అందుకే మూడో వారం ఆదివారాన్ని ఒక షిఫ్టు కోసం అట్టిపెట్టుకోవాలి, ముందే పనితో నింపకూడదు. ఓవర్‌టైమ్‌కి చట్టం ప్రకారం రెట్టింపు వేతనం ఇవ్వాలి కాబట్టి అవసరం పడితేనే వాడాలి. లేదా 50 చిన్న షాఫ్ట్‌లను పక్క షాపుకి జాబ్ వర్క్‌కి ఇవ్వడానికి రేటు ముందే మాట్లాడి ఉంచుకోవాలి.

ప్లాన్ చెడుతోందని ఎలా తెలుస్తుంది? సోమవారం పొద్దున గడువు దాటిన ఆర్డర్ల గంటలు ఎన్నో చూడాలి. అవి వారం వారం పెరుగుతుంటే, మాస్టర్ షెడ్యూల్‌లో మెషిన్ చేయలేని పని ఉన్నట్టే. అప్పుడు చాలామంది చేసే పని, ‘ఇక నుంచి నాలుగు వారాలు కాదు, ఆరు వారాలు పడుతుంది’ అని కంప్యూటర్‌లో మార్చడం. దాంతో కార్డులు రెండు వారాల ముందే షాపులోకి దిగుతాయి, గ్రైండర్ ముందు వరుస పెరుగుతుంది, ఆరు వారాలు కూడా చాలవు. గ్రైండర్ గంటలు మాత్రం ఒక్కటి కూడా పెరగలేదు.

ఇంకొకటి, దగ్గరి రెండు వారాల ప్లాన్‌ను గట్టిగా పట్టుకోవాలి. ఆ రెండు వారాల్లోకి కొత్త ఆర్డర్ రావాలంటే, దాని గంటలకు సరిపడా ఏది బయటికి వెళ్తోందో సేల్స్ వాళ్లే చెప్పాలి, ప్లాంట్ మేనేజర్ సంతకం పెట్టాలి. నెల చివర లాగ్‌బుక్ తీసి, గ్రైండర్ నిజంగా ఎన్ని గంటలు నడిచిందో, 12 నిమిషాలనుకున్న షాఫ్ట్‌కి ఎన్ని నిమిషాలు పట్టిందో చూసి, వచ్చే నెల షీట్‌లో ఆ సంఖ్యలే వేసుకోవాలి.