బెంచ్‌ని ఒక గాడి దించి చూడండి

సోమవారం సాయంత్రం ఏ జిమ్‌కి వెళ్లినా ఫ్లాట్ బెంచ్ ఖాళీగా దొరకదు. ఆ రోజు అందరికీ చెస్టే. అలా ఏళ్ల తరబడి చేసినా కొందరికి ఛాతీ కింది భాగం నిండుతుంది కానీ, కాలర్ ఎముక కింద మాత్రం పల్లంగానే ఉండిపోతుంది.

ఛాతీ కండరం ఒకటే అయినా దాని పోగులన్నీ ఒకే వైపు సాగవు. పై పోగులు కాలర్ ఎముక దగ్గర మొదలై, ఏటవాలుగా దిగి చేతి ఎముక పైభాగానికి అతుక్కుంటాయి. చేతిని ముందుకూ పైకీ లేపడం వాటి పని. అందుకే బెంచ్ తల వైపు లేపి బరువు నెడితే వాటి మీద భారం పెరుగుతుంది. చిక్కేమిటంటే, భుజం ముందు కండరం చేసేదీ అదే పని. బెంచ్ నిటారుగా అయ్యేకొద్దీ భారం దానికి వెళ్లిపోతుంది. చాలామందికి 30 డిగ్రీల దగ్గర బాగా కుదురుతుంది. 45 దాటితే అది దాదాపు షోల్డర్ ప్రెస్సే. గాడిని నమ్మకుండా ఫోన్‌లోని లెవెల్ యాప్‌ని బెంచ్ మీద ఆనించి చూసుకోండి. ఇంకో సంగతి, లెక్కలోకి వచ్చేది బెంచ్ వాలు కాదు, ఛాతీ వాలు. బరువెక్కువై నడుము విల్లులా లేచిందంటే మళ్లీ ఫ్లాట్ చేస్తున్నట్టే.

ఇక్కడ బార్ కన్నా డంబెల్స్ నాకు నచ్చుతాయి. ఛాతీకి తగిలి ఆగిపోయే బార్ ఉండదు కాబట్టి చేతులు ఇంకాస్త కిందికి దిగుతాయి, పైన దగ్గరికి వస్తాయి. మోచేతుల్ని భుజాలకు సమంగా బార్లా చాపకుండా, పక్కటెముకల వైపు కొంచెం దించి ఉంచాలి.

ఇక వరుస. ఫ్లాట్ బెంచ్‌లో 80 కిలోలు నెట్టే కుర్రాడు, ఇంక్లైన్‌ని మూడో వ్యాయామంగా చేస్తున్నాడనుకుందాం. అప్పటికే ట్రైసెప్స్, భుజాలు అలసిపోయి ఉంటాయి. పై ఛాతీకి సరిపడా పని పడకముందే సెట్ ముగిసిపోతుంది. అతను వారానికి రెండుసార్లు ఇంక్లైన్ డంబెల్ ప్రెస్‌తోనే మొదలుపెట్టాలి. చేతికి 20 కిలోలు, 3 సెట్లు, సెట్‌కి 8 నుంచి 12 రెప్స్, ఇంకో రెండు వెయ్యగలననిపించినప్పుడు ఆపెయ్యాలి. మూడు సెట్లలోనూ 12 వచ్చాకే 22.5కి వెళ్లాలి. చూడ్డానికి చిన్న పెంపే కానీ రెండు చేతులకీ కలిపి 5 కిలోలు, కాబట్టి రెప్స్ మళ్లీ 8, 9కి పడిపోవడం మామూలే. ఆ తర్వాతే ఫ్లాట్ బెంచ్. అందులో పాత బరువు రాకపోతే కంగారు పడనక్కర్లేదు, అలసిపోయాక చేస్తున్నాడు మరి.

మర్నాడు నొప్పులు భుజం ముందు మాత్రమే ఉంటే బెంచ్ ఒక గాడి దించాలి. కీలు లోపల పొడుస్తున్నట్టుంటే మాత్రం అది కండరం నొప్పి కాదు, ప్రెస్సులు ఆపి డాక్టర్‌కి చూపించుకోవాలి. రెండు ఛాతీల మధ్య ఖాళీ, కండరం అతుక్కున్న తీరు పుట్టుకతో వచ్చినవి. బెంచ్‌ని ఎంత వాల్చినా అవి మారవు.