జర్మనీ బడికి జబ్బు చీటీ: అపోహలు – వాస్తవాలు

జర్మనీలో పిల్లల్ని బడికి పంపే తెలుగువాళ్ల మధ్య కొన్ని మాటలు ఎప్పుడూ తిరుగుతుంటాయి. ఒక్కరోజు జ్వరానికైనా డాక్టర్ సర్టిఫికెట్ ఉండాల్సిందేనని ఒకరంటారు. యాప్‌లో ఒక నొక్కు నొక్కితే అయిపోయిందంటారు ఇంకొకరు. ఏం రాసినా రాయండి గానీ జబ్బు పేరు మాత్రం రాయొద్దంటారు మరొకరు. ఇందులో ఏదీ పూర్తిగా కల్పన కాదు, ఎవరో ఒకరి విషయంలో ఎక్కడో ఒకచోట నిజమైనదే. చిక్కంతా ఏమిటంటే, జర్మనీలో బడి చట్టాలు రాష్ట్రానికో తీరుగా ఉంటాయి. మ్యూనిక్‌లో ఉన్న స్నేహితురాలి అనుభవం స్టుట్‌గార్ట్‌లో పనికిరాకపోవచ్చు.

అందుకే ఒక ఊరు, ఒక పాప అనుకుని చూద్దాం. స్టుట్‌గార్ట్ ఉన్నది బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో. అక్కడ మూడో తరగతి చదివే అన్వితకు 2025 నవంబరు 10, సోమవారం పొద్దున ఒళ్లు కాలిపోతోంది. బుధవారం దాకా బడికి వెళ్లలేదు. గురువారం వెళ్లింది.

అపోహ: సెలవు ఇమ్మని టీచర్‌ను వేడుకోవాలి

మన బళ్లలో లీవ్ లెటర్ బట్టీ పట్టినవాళ్లకు ఇది సహజంగా వచ్చే ఆలోచన. జ్వరంతో బాధపడుతున్నాను కనుక దయచేసి రెండు రోజులు సెలవు ఇప్పించ ప్రార్థన అన్న వరస చేతికి అలవాటైపోయి ఉంటుంది. జర్మన్ బడిలో జబ్బుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. జబ్బుపడిన పిల్ల ఇంట్లో ఉండాల్సిందే, అందులో టీచర్ మంజూరు చేసేదేమీ లేదు. ఎవరు, ఏ తరగతి, ఏ తేదీలు, ఎందువల్ల అన్న నాలుగు సంగతులు తెలియజేసి, ఆ గైర్హాజరును సకారణంగా లెక్కించమని కోరడమే చీటీ పని. ముందుగా అనుమతి తీసుకోవాల్సినవి పెళ్లి, ఊరి ప్రయాణం లాంటివి. వాటికి వేరే దరఖాస్తు ఉంది, దాన్ని జబ్బు చీటీతో కలపకూడదు.

అన్విత వాళ్లమ్మ రాయాల్సిన చీటీ మొత్తం ఇంతే:

```
Stuttgart, 13.11.2025

Sehr geehrte Frau Weber,

meine Tochter Anvita, Klasse 3b, konnte vom 10. bis
12. November wegen Krankheit nicht am Unterricht
teilnehmen. Bitte entschuldigen Sie ihr Fehlen.

Mit freundlichen Grüßen
```

కింద తల్లి లేదా తండ్రి సంతకం. సంబోధన తర్వాత కామా పెట్టి, కింది వాక్యాన్ని చిన్న అక్షరంతో మొదలుపెట్టడం జర్మన్ ఉత్తరాల పద్ధతి. పాప కోలుకుని వచ్చాక ఇస్తున్నది కాబట్టి క్రియ భూతకాలంలో ఉంది. అబ్బాయైతే రెండు చోట్ల మార్పు వస్తుంది: మొదటి పదాలు mein Sohn అవుతాయి, చివరి వాక్యంలోని ihr Fehlen కాస్తా sein Fehlen అవుతుంది. పాత చీటీని కాపీ చేసి పేరు ఒక్కటే మార్చేవాళ్లు ఎక్కువగా తప్పేది ఈ రెండో చోటే. ఇది జరిగితే ఎవరూ చీటీ తిప్పి పంపరు. తేదీ తప్పితే మాత్రం ఒక రోజు లెక్కలో చీటీ లేకుండా మిగిలిపోతుంది. కాబట్టి వ్యాకరణం కన్నా ముందు తేదీలు రెండుసార్లు చూసుకోవాలి.

రాత్రంతా ఎన్ని డిగ్రీల జ్వరం ఉంది, ఎన్నిసార్లు వాంతి అయింది, ఏ మందు వేశాం అన్న వివరాలు ఇందులో ఉండవు. అవి రాయకపోతే టీచర్ నమ్మరేమోనన్న భయంతో పేజీ నింపేవాళ్లున్నారు. ఆ భయం అనవసరం. టీచర్ తేదీలూ సంతకమూ చూసుకుని ఫైల్‌లో పెట్టుకుంటారు.

అపోహ: పొద్దున ఫోన్ చేశాం, ఇక చీటీ ఎందుకు?

ఫోన్ ఒక పని, చీటీ ఇంకో పని. జర్మనీలో చిన్న తరగతుల పిల్లలు కూడా చాలామంది బడికి నడిచి ఒంటరిగానే వెళ్తారు. ఎనిమిదింటికి బెంచీ ఖాళీగా కనిపిస్తే, పిల్ల ఇంట్లో పడుకుందా, దారిలో ఏమైనా జరిగిందా అన్నది టీచర్‌కు తెలియదు. అందుకే క్లాసు మొదలవ్వకముందే ఆఫీసు నంబరుకు ఫోన్ చేసి పేరు, తరగతి, ఈరోజు ఒంట్లో బాగాలేదన్న ఒక్క ముక్క చెప్పాలి. ఎవరూ ఎత్తకపోతే ఆన్సరింగ్ మెషీన్‌లో చెప్పినా సరిపోతుంది. ఏ కబురూ లేకపోతే బడివాళ్లే ఇంటికి, ఆఫీసుకు ఫోన్లు చేస్తారు. ఎవరూ దొరక్కపోతే సంగతి పోలీసుల దాకా వెళ్లవచ్చు. అలా జరిగితే కంగారు పడాల్సి వస్తుంది గానీ, అందులో బడివాళ్ల తప్పేమీ లేదు.

చీటీ రికార్డు కోసం. బాడెన్-వుర్టెంబెర్గ్ నియమం ప్రకారం రెండో రోజు దాటకుండా బడికి కబురు అందాలి. ఆ కబురు ఫోన్‌లోనో ఎలక్ట్రానిక్ పద్ధతిలోనో వెళ్తే, మూడు రోజుల్లోగా రాతపూర్వకంగా కూడా ఇవ్వాలి. అన్విత వాళ్లమ్మ సోమవారం ఫోన్ చేసింది కాబట్టి, గురువారం పాప బ్యాగులో పెట్టి పంపిన చీటీ సరిగ్గా వేళకు అందినట్టు. పాప ఇంకా కోలుకోకపోతే చీటీని ఆపకూడదు. అదే తరగతి పిల్లవాడి చేతనో, ఉత్తరంగానో పంపి, ఎప్పటిదాకా రాలేదో తర్వాత కలపవచ్చు.

యాప్ వాడే బళ్లలో కొన్ని అందులో పెట్టిన సందేశాన్నే చీటీగా తీసుకుంటాయి, కొన్ని కాగితం మీద సంతకం అడుగుతాయి. ఏడాది మొదట్లో ఇచ్చే నియమాల కాగితంలో ఇది ఉంటుంది. అది దొరక్కపోతే మొదటి తల్లిదండ్రుల సమావేశంలో టీచర్‌నే అడగాలి. చీటీ అందని రోజులు అకారణ గైర్హాజరు కిందికి పోతాయి. కొన్ని రాష్ట్రాల్లో ఆ అంకె ప్రోగ్రెస్ రిపోర్టులోకి కూడా ఎక్కుతుంది.

అపోహ: మొదటి రోజు నుంచే డాక్టర్ సర్టిఫికెట్ కావాలి

ముక్కు కారుతున్న పిల్లను ఎత్తుకుని, జబ్బు పిల్లలతో నిండిన క్లినిక్‌లో గంటలకొద్దీ కూర్చోబెట్టేది ఈ అపోహే. అన్విత చదివే రాష్ట్రంలో మామూలు బళ్లకు పది బడి రోజులు దాటిన జబ్బుకే క్లాస్ టీచర్ సర్టిఫికెట్ అడగవచ్చు. కొలోన్, డ్యూసెల్‌డార్ఫ్ ఉన్న నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియాలో చట్టం రోజుల లెక్క పెట్టలేదు. జబ్బు నిజమేనా అని సందేహించడానికి సరైన కారణం ఉంటేనే బడి అడగవచ్చు. బవేరియా కాస్త గట్టిగా ఉంటుంది: మూడు బడి రోజులు మించితేనో, ముందుగా చెప్పిన పరీక్ష రోజునే పిల్ల రాకపోతేనో అడిగే హక్కు బడికి ఉంది. సర్టిఫికెట్ ఇవ్వాల్సిందేనని అన్ని చోట్లా పట్టుబట్టరు గానీ, సెలవులకు ముందూ వెనకా జబ్బు పడితే మాత్రం అడిగే అవకాశం ఎక్కువ.

బడి కోసం రాయించుకునే ఈ సర్టిఫికెట్‌ను అక్కడ ఆటెస్ట్ అంటారు. ప్రభుత్వ ఆరోగ్య బీమా దాని ఖర్చు భరించదు, డాక్టర్ రుసుము తీసుకోవచ్చు. తాను చూడని జబ్బుకు వారం తర్వాత వెనక తేదీలతో రాసివ్వమంటే డాక్టర్ ఒప్పుకోరు. కాబట్టి అవసరమని తెలిస్తే జబ్బుగా ఉన్నప్పుడే వెళ్లాలి.

ఈ అపోహ పుట్టుక నాకు అర్థమవుతూనే ఉంటుంది. ఉద్యోగం చేసే తల్లిదండ్రులకు మొదటి రోజు నుంచే డాక్టర్ కాగితం నిజంగానే కావాలి, కానీ అది బడికి కాదు. ప్రభుత్వ బీమా ఉన్నవాళ్లు పన్నెండేళ్లలోపు పిల్లకు జబ్బు చేసి ఇంట్లో ఉండిపోతే, పోయిన జీతం బదులు బీమా సంస్థ డబ్బు ఇస్తుంది. 2025లో ఒక్కో పిల్లకు తల్లికి 15, తండ్రికి 15 పనిదినాలు, ఒంటరి తల్లికో తండ్రికో 30. దానికి డాక్టర్ ఇచ్చే ఫారం వేరు. ఒక కాపీ ఆఫీసుకు, అసలు కాగితం బీమా సంస్థకు. డాక్టర్‌కు పిల్ల ముందే తెలిసి ఉండి, జబ్బు మామూలుదైతే ఫోన్ మీద మాట్లాడి కూడా అయిదు రోజుల వరకు ఇవ్వవచ్చు. ఆ ఫారాన్ని టీచర్‌కు పంపితే, బడికి అక్కర్లేని వివరాలన్నీ బడి చేతిలో పెట్టినట్టవుతుంది.

అపోహ: జబ్బు పేరు ఎప్పుడూ రాయక్కర్లేదు

మామూలు జలుబు, జ్వరం, కడుపునొప్పి అయితే ఈ మాట నిజమే. పైన చీటీలో ఉన్నట్టు జబ్బు వల్ల అంటే చాలు. పిల్ల ఆరోగ్య సమాచారం కుటుంబానిది. చెప్పాలనిపిస్తే చెప్పవచ్చు, బలవంతం లేదు.

కానీ కొన్ని అంటువ్యాధుల విషయంలో చట్టం తిరగబడుతుంది. జర్మనీ అంతటికీ ఒకటే అయిన అంటువ్యాధుల నివారణ చట్టంలో 34వ సెక్షన్ ఒక జాబితా ఇస్తుంది. అందులో తట్టు, గవదబిళ్లలు, ఆటలమ్మ, కోరింత దగ్గు, గజ్జి, స్కార్లెట్ జ్వరం ఉన్నాయి, తలలో పేలు కూడా ఉన్నాయి. వీటిలో ఏది వచ్చినా, కొన్నింటికి అనుమానం ఉన్నా, పిల్లను బడికి పంపకూడదు. ఫలానా జబ్బు అని వెంటనే బడికి చెప్పడం తల్లిదండ్రుల బాధ్యత. బడిలో చేర్చినప్పుడు ఈ జాబితా ఉన్న కాగితం ఇస్తారు. మిగతా పత్రాలతో కలిపి సంతకం పెట్టి మరిచిపోతాం.

అన్విత విషయంలోనే చూద్దాం. మంగళవారం పొద్దున గొంతు మింగనివ్వడం లేదు, ఒంటి మీద ఇసుక కాగితంలా గరుకైన ఎర్రటి దద్దు, నాలుక ఎర్రగా మెరుస్తోంది. డాక్టర్ గొంతులోంచి స్వాబ్ తీసి స్కార్లెట్ జ్వరం అని తేల్చారు. మధ్యాహ్నం యాంటీబయోటిక్ మొదలైంది. ఇప్పుడు వాళ్లమ్మ గురువారం చీటీ దాకా ఆగకూడదు, ఆ రోజే ఫోన్ చేయాలి. తర్వాత ఇచ్చే చీటీలో ఈ వాక్యం కలుస్తుంది:

```
Bei ihr wurde Scharlach festgestellt.
```

సరైన యాంటీబయోటిక్ మొదలై 24 గంటలు గడిచి, జ్వరం, గొంతు నొప్పి పోతే పిల్ల బడికి వెళ్లవచ్చు. అన్విత గురువారం వెళ్లగలిగింది అందుకే. కుదుటపడిందని మందు మధ్యలో మానకూడదు, డాక్టర్ చెప్పినన్ని రోజులు వాడాలి.

పేరు బయటపడుతుందన్న బెంగతో దాచేవాళ్లున్నారు, ముఖ్యంగా పేల విషయంలో. బడి ఈ సంగతి ప్రభుత్వ ఆరోగ్య కార్యాలయానికి చెబుతుంది. మిగతా తల్లిదండ్రులకు వెళ్లే నోటీసులో తరగతిలో ఒక కేసు వచ్చిందనే ఉంటుంది, పిల్ల పేరు ఉండదు. ఆ నోటీసు చూసిన పక్కింటి తల్లి ఆ రాత్రే తన పిల్ల తల దువ్వి చూసుకుంటుంది. పేలు కనిపిస్తే మందు షాపులో దొరికే ద్రావణంతో సరిగ్గా ఒకసారి చికిత్స చేసి, మర్నాడే బడికి పంపవచ్చు. పొదిగే గుడ్ల కోసం ఎనిమిది నుంచి పది రోజుల మధ్య అదే చికిత్స మళ్లీ చేయాలి. ఆటలమ్మకు అంత తొందర కుదరదు. పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టే దాకా ఇంట్లోనే ఉంచాలి, చీటీలో ఆఖరి తేదీ అప్పుడే పడుతుంది.